అమీర్‌పేటలో ఐదుగురు: గరిష్ఠం, కనిష్ఠం బాగానే వచ్చాయి, వాటి మధ్య తేడా దగ్గరే లెక్క తప్పుతోంది

తార్నాక_విద్యార్థిని · సోమవారం, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. ఎమ్మెస్సీ సాంఖ్యక శాస్త్రంలో ఆర్డర్ స్టాటిస్టిక్స్ అభ్యాసం ఒకటి చేస్తున్నాను. ప్రశ్న ఇది.

ఐదుగురు స్నేహితులు అమీర్‌పేట మెట్రో స్టేషన్ కింద కలుసుకోవాలనుకున్నారు. సాయంత్రం 6:00 నుంచి 6:30 లోపు ఏ క్షణంలోనైనా రావచ్చు. ఒక్కొక్కరి రాక ఆ అరగంటలో ఏకరూపంగా ఉంటుంది, ఒకరి రాకకు మరొకరి రాకతో సంబంధం లేదు. (అ) చివరగా వచ్చే వ్యక్తి ఎప్పుడు వస్తారు? (ఆ) మొదట వచ్చే వ్యక్తి ఎప్పుడు వస్తారు? (ఇ) మొదట వచ్చినవారు చివరివారి కోసం 10 నిమిషాలకు మించి ఎదురుచూడనవసరం లేకుండా ఉండే సంభావ్యత ఎంత?

అరగంటను 1గా తీసుకున్నాను. చివరి వ్యక్తి x లోపు రావాలంటే ఐదుగురూ x లోపు వచ్చి ఉండాలి కాబట్టి సంభావ్యత `x^5`, సాంద్రత `5x^4`. సగటు 5/6, అంటే 6:25. మొదటి వ్యక్తి x తరువాతే రావాలంటే అందరూ x తరువాతే రావాలి, కాబట్టి `(1-x)^5`, సాంద్రత `5(1-x)^4`. సగటు 1/6, అంటే 6:05. ఇంతవరకూ పుస్తకం వెనుక ఇచ్చిన జవాబులతో సరిపోయింది.

(ఇ) కోసం ఈ రెండు సాంద్రతలనూ గుణించి, తేడా 1/3 లోపు ఉండే ప్రాంతం మీద సమాకలనం చేశాను. నాకు 0.068 వచ్చింది. పుస్తకంలో జవాబు 11/243, అంటే దాదాపు 0.045. సమాకలనాన్ని మళ్లీ మళ్లీ సరిచూశాను, అందులో పొరపాటు కనిపించలేదు. పుస్తకంలోనే అచ్చుతప్పు ఉందా?

---

ఉప్పల్_వాసి · సోమవారం, రాత్రి 9:32

పుస్తకం జవాబు నాకు మరీ తక్కువగా అనిపిస్తోంది. అరగంటలో ఇద్దరు విడివిడిగా వస్తే వారి రాకల మధ్య సగటు తేడా 10 నిమిషాలు. ఇది చాలామందికి తెలిసిన లెక్కే. ఆ తేడా 10 నిమిషాలలోపు ఉండే సంభావ్యత 5/9, అంటే సగానికి పైనే. అలాంటప్పుడు ఈ ప్రశ్నకు 0.045 ఎలా వస్తుంది? మీ 0.068 కూడా తప్పే అనుకుంటున్నాను.

---

లెక్కల_మాస్టారు · సోమవారం, రాత్రి 10:05

ఉప్పల్ వాసి గారూ, 5/9 సరైన సంఖ్యే. అయితే అది వేరే ప్రశ్నకు జవాబు. ముందే ఎంచుకున్న ఇద్దరి మధ్య తేడా అది. ఇక్కడ అడిగింది ఐదుగురిలో అందరికన్నా ముందు వచ్చినవారికీ, అందరికన్నా వెనుక వచ్చినవారికీ మధ్య తేడా. ఆ ఇద్దరూ ఎవరో ముందుగా తెలియదు. వారిని ఎంచుకునేదే వారి రాక. ఐదుగురిలో ఏ జంటను తీసుకున్నా ఆ జంట తేడా ఇంతకన్నా ఎక్కువ ఉండదు. అందుకే 10 నిమిషాలలోపు ఉండడం ఇంత అరుదు. సగటు తేడా ఇక్కడ 20 నిమిషాలు: 6:25లోంచి 6:05 తీసేస్తే సరిపోతుంది.

అమ్మాయీ, పుస్తకంలో అచ్చుతప్పేమీ లేదు. నీ (అ), (ఆ) సమాధానాలు చక్కగా ఉన్నాయి. గరిష్ఠం విషయంలో నేరుగా సాంద్రత కోసం పరుగెత్తకుండా, ముందు "అందరూ x లోపు" అన్న ఘటన పట్టుకున్నావు. కనిష్ఠానికి "అందరూ x తరువాత" అని తిప్పి రాశావు. మా విద్యార్థుల్లో చాలామంది కనిష్ఠానికి కూడా `x^5` రాసేవారు. ఆ ఊబిలో నువ్వు పడలేదు.

(ఇ)లో వచ్చిన చిక్కును నేను చెప్పేముందు నువ్వే ఒక చిన్న లెక్క చేసి చూడు. మొదటివారు 6:15 తరువాత వచ్చే సంభావ్యత ఎంత? చివరివారు 6:15 లోపు వచ్చే సంభావ్యత ఎంత? ఆ రెండూ ఒకే సాయంత్రం జరిగే సంభావ్యత ఎంత?

---

తార్నాక_విద్యార్థిని · సోమవారం, రాత్రి 10:21

మొదటిది 1/32. రెండోదీ 1/32. రెండూ కలిసి జరగడం అసాధ్యం. మొదటివారే 6:15 తరువాత వస్తే చివరివారు అంతకుముందు ఎలా వస్తారు? సంభావ్యత సున్నా.

గుణిస్తే మాత్రం 1/1024 వస్తోంది. అంటే గరిష్ఠం, కనిష్ఠం స్వతంత్రం కావు. ఐదుగురి రాకలు స్వతంత్రం కాబట్టి వాటిలోంచి తీసిన ఈ రెండూ స్వతంత్రమే అన్నట్టుగా గుణించేశాను.

---

మియాపూర్_అనలిస్ట్ · సోమవారం, రాత్రి 10:48

మాస్టారు చెప్పింది సూత్రప్రాయంగా నిజమే. కానీ ఆచరణలో గుణించడం అంత పెద్ద నేరం కాదు. ఏకరూప విభాజనంలో n పరిశీలనలకు గరిష్ఠానికీ కనిష్ఠానికీ మధ్య సహసంబంధ గుణకం సరిగ్గా `1/n`. ఐదుగురికి 0.2. ఇది బలహీనమైన సంబంధం. n పెరిగేకొద్దీ సున్నాకు పోతుంది. నేను ఉద్యోగంలో పెద్ద నమూనాలతో పని చేస్తాను, రెండు కొసలనూ స్వతంత్రంగా భావించే లెక్క వేస్తాను. ఎప్పుడూ ఇబ్బంది రాలేదు.

పైగా సగటు ఎలాగూ సరిగానే వస్తుంది కదా. 25 - 5 = 20. స్వతంత్రమైనా, కాకపోయినా అంతే.

---

లెక్కల_మాస్టారు · మంగళవారం, ఉదయం 6:40

మియాపూర్ గారూ, మీరు చెప్పినదాంట్లో పెద్ద నమూనాల మాట పూర్తిగా నిజం. n చాలా పెద్దదైతే కనిష్ఠాన్ని నిర్ణయించేది ఎడమ కొస దగ్గర పడిన కొద్దిమంది, గరిష్ఠాన్ని నిర్ణయించేది కుడి కొస దగ్గర పడిన కొద్దిమంది. ఆ రెండు గుంపులకూ ఒకరితో ఒకరికి పని ఉండదు. `n*min`, `n*(1-max)` రెండూ అవధిలో స్వతంత్రమైన ఘాతీయ చలరాశులు అవుతాయి. సగటు మాట కూడా నిజమే. తేడా సగటుకు స్వతంత్రతతో అవసరమే లేదు.

కానీ ఐదుగురి దగ్గర అదే పని చేస్తే ఏమవుతుందో విస్తృతిలో కనబడుతుంది. అరగంటను 1గా తీసుకుంటే గరిష్ఠం విస్తృతి 5/252, కనిష్ఠానిదీ 5/252. స్వతంత్రమనుకుంటే తేడా విస్తృతి 10/252. నిజానికి వాటి సహవిస్తృతి 1/252 ఉంది, దాన్ని రెండుసార్లు తీసెయ్యాలి. 8/252 మిగులుతుంది. నిమిషాల్లో చెప్పుకుంటే ప్రామాణిక విచలనం 5.98 అనుకున్నది 5.35 అవుతుంది. సగటు రెండిట్లోనూ 20 నిమిషాలే. అందుకే ఈ తప్పు తేలిగ్గా దొరకదు: సగటు సరిపోయింది కదా అని మనిషి ముందుకు వెళ్ళిపోతాడు. కొసల దగ్గరి సంభావ్యత అడిగినప్పుడు 0.045కు బదులు 0.068 వస్తుంది, అంటే ఉండవలసినదానికి ఒకటిన్నర రెట్లు. దాన్ని చిన్న తేడా అనలేం.

ఇంకో రకంగా చూద్దాం. గుణించి రాసిన సాంద్రత ప్రకారం మొదటివారు చివరివారికన్నా తరువాత వచ్చే సంభావ్యత కూడా కొంత ఉంటుంది. ఐదుగురికి అది 1/252. చాలా చిన్నది, గీసిన పటంలో కంటికి ఆనదు. అదే ఇద్దరే ఉన్నప్పుడు లెక్క వేస్తే 1/6 వస్తుంది. ఇద్దరిలో ముందు వచ్చినవారు వెనుక వచ్చినవారికన్నా వెనుక రావడం ఆరింట ఒకసారి! అందుకే ఇలాంటి సూత్రం రాసుకున్నప్పుడు ముందు n = 2 పెట్టి చూడమంటాను. పెద్ద n దగ్గర దాక్కునే తప్పు అక్కడ బయటపడుతుంది.

---

తార్నాక_విద్యార్థిని · మంగళవారం, ఉదయం 7:55

మాస్టారూ, ఇప్పుడు అర్థమైంది. మరి ఉమ్మడి సాంద్రత ఎలా తీయాలి? పుస్తకంలో `n(n-1)(v-u)^(n-2)` అని సూత్రం ఇచ్చి వదిలేశారు. ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పలేదు. పరీక్షలో గుర్తుంటుందన్న నమ్మకం లేదు.

---

లెక్కల_మాస్టారు · మంగళవారం, ఉదయం 9:20

గుర్తుపెట్టుకోవలసింది ఆ సూత్రం కాదు. నువ్వు (అ), (ఆ)లలో చేసిన పనినే రెండు వైపులా ఒకేసారి చెయ్యి. మొదటివారు u తరువాత, చివరివారు v లోపు. అంటే ఏమిటి? ఐదుగురూ u, v మధ్యే వచ్చారు. సంభావ్యత `(v-u)^5`. ఇంత చిన్న ముక్కలోనే అన్నీ ఉన్నాయి. u = 0 పెడితే గరిష్ఠం, v = 1 పెడితే కనిష్ఠం. సాంద్రత కావాలంటే దీన్ని v పరంగా ఒకసారి, u పరంగా ఒకసారి అవకలనం చేసి గుర్తు మార్చు. u "తరువాత" అన్నాం కాబట్టి గుర్తు మారుతుంది. `20(v-u)^3` వస్తుంది. అది u < v ఉన్నచోట మాత్రమే. ఆ షరతు రాయడం మరిచిపోతే మళ్లీ మొదటికే వస్తావు.

అయితే నీ (ఇ)కి ఇది కూడా అక్కర్లేదు. ఒక్క సమాకలనంతో అయిపోయే దారి ఉంది, నాకు అదే ఇష్టం.

ముందుగా వచ్చినవారు ఎవరు? ఐదుగురిలో ఎవరైనా కావచ్చు, ఐదు రకాలు. వారు u సమయంలో వచ్చారనుకో. మిగతా నలుగురూ అక్కడి నుంచి 10 నిమిషాల్లో, అంటే u నుంచి u + 1/3 లోపు రావాలి. ఇక్కడ రెండు సందర్భాలు విడదీయాలి.

మొదటివారు 6:20 లోపు వస్తే వారి ముందు పూర్తి 10 నిమిషాలు ఉన్నాయి. నలుగురూ అందులో పడే సంభావ్యత (1/3)^4 = 1/81. u అనేది 0 నుంచి 2/3 వరకూ నడుస్తుంది. కాబట్టి 5 × (2/3) × (1/81) = 10/243.

మొదటివారే 6:20 తరువాత వస్తే ఇక షరతు దానంతటదే నెరవేరుతుంది. ఐదుగురూ చివరి 10 నిమిషాల్లోనే వచ్చారు కదా. దాని సంభావ్యత (1/3)^5 = 1/243.

కలిపితే 11/243. పుస్తకం జవాబు.

1/3 బదులు r పెట్టి, 5 బదులు n పెట్టి ఇదే మాట మళ్లీ చెబితే `n*r^(n-1) - (n-1)*r^n` వస్తుంది. అందులో n = 2, r = 1/3 పెట్టు: 5/9. ఉప్పల్ వాసి గారి సంఖ్య అక్కడ తేలుతుంది. ఆయన ప్రశ్న వేరైనా లెక్క గట్టిదే.

---

ఉప్పల్_వాసి · మంగళవారం, ఉదయం 10:02

ధన్యవాదాలు మాస్టారూ. "ముందే ఎంచుకున్న ఇద్దరు", "రాకే ఎంచుకున్న ఇద్దరు" అన్న భేదం నాకు తట్టలేదు. ఒక సందేహం. సగటు 20 నిమిషాలు అన్నారు కాబట్టి, 20 నిమిషాలలోపు తేడా ఉండే సంభావ్యత సగం అనుకోవచ్చా?

---

మియాపూర్_అనలిస్ట్ · మంగళవారం, ఉదయం 10:15

సూత్రంలో r = 2/3 పెట్టండి. 112/243, అంటే 0.46 వస్తుంది. సగానికి కొంచెం తక్కువ. తేడా 30 నిమిషాలు దాటలేదు, కిందికి మాత్రం చాలా దూరం దిగగలదు. ఆ తోక సగటును కిందికి లాగుతుంది కాబట్టి మధ్యస్థం సగటుకన్నా పైన ఉంటుంది. చివరివారి రాకలోనూ ఇదే జరుగుతుంది: సగటు 25 నిమిషాలు, మధ్యస్థం 26.1.

నమూనా పరిమాణం గురించి నా అభిప్రాయం మాత్రం మారలేదు. స్వతంత్రమనుకున్న విస్తృతికీ అసలు విస్తృతికీ నిష్పత్తి `n/(n-1)`. n = 50 దగ్గర తేడా రెండు శాతమే.

---

కొండాపూర్_కోడర్ · మంగళవారం, మధ్యాహ్నం 1:30

కాగితం మీది లెక్కను యంత్రం మీద సరిచూడాలనిపించింది. ఎవరైనా నడిపి చూడవచ్చు.

```python
import numpy as np
rng = np.random.default_rng()
x = rng.uniform(0, 30, size=(200000, 5))
lo, hi = x.min(axis=1), x.max(axis=1)
d = hi - lo
print(hi.mean(), lo.mean(), d.std(), (d <= 10).mean())
e = hi - rng.permutation(lo)
print(e.std(), (e <= 10).mean(), (e < 0).mean())
```

మొదటి ముద్రణలో 25, 5, 5.35, 0.045 చుట్టూ వస్తాయి. రెండో దానిలో నేను కనిష్ఠాలను కలగాపులగం చేశాను. అంటే ఒక సాయంత్రం చివరివారిని వేరే సాయంత్రం మొదటివారితో జత కట్టాను. విద్యార్థిని గారు చేసిన గుణకారం సరిగ్గా ఇదే. అక్కడ 5.98, 0.068, 0.004 చుట్టూ వస్తాయి. ఆ చివరి 0.004 మాస్టారు చెప్పిన 1/252.

ఒక జాగ్రత్త. `axis=1` బదులు `axis=0` రాస్తే ప్రతి సాయంత్రానికీ కాక ప్రతి స్నేహితుడికీ గరిష్ఠం, కనిష్ఠం వస్తాయి. రెండు లక్షల సాయంత్రాల మీద కాబట్టి అవి దాదాపు 30, 0 అయి కూర్చుంటాయి. ఆ సంఖ్యలు మరీ అందంగా కనబడితే ముందు ఆ గుర్తును చూడండి.

---

కూకట్‌పల్లి_వ్యాను · మంగళవారం, సాయంత్రం 4:45

నేను లెక్కలు చదివినవాణ్ణి కాను. కూకట్‌పల్లి నుంచి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌కు రాత్రి షిఫ్టు ఉద్యోగులను వ్యానులో దింపుతాను. ఐదుగురు. ఎనిమిది నుంచి ఎనిమిదిన్నర లోపు మెట్రో స్టేషన్ దగ్గరికి వస్తారు. ఇక్కడి మాటలన్నీ నా వ్యాను గురించే అన్నట్టు ఉన్నాయి. ఎనిమిది ఇరవైకి బండి తీయాలంటే అందరూ వచ్చి ఉండే అవకాశం ఎంత? పది రోజుల్లో తొమ్మిది రోజులు అందరూ ఎక్కాలంటే ఎప్పటిదాకా ఆగాలి?

---

తార్నాక_విద్యార్థిని · మంగళవారం, సాయంత్రం 5:30

ఇది నేను చెప్పగలను. 8:20 లోపు ఐదుగురూ వచ్చే సంభావ్యత (2/3)^5 = 32/243, అంటే 0.13. ఎనిమిది రోజుల్లో దాదాపు ఒక రోజు. రెండోదానికి `x^5 = 0.9` కావాలి. x = 0.979 వస్తుంది. అరగంటలో అది 29 నిమిషాల 22 సెకన్లు. అంటే దాదాపు పూర్తి అరగంటా ఆగాల్సిందే.

మొదటివారి విషయంలో మాత్రం పది రోజుల్లో తొమ్మిది రోజులు 8:11 దాటకుండానే ఒకరైనా వచ్చేస్తారు.

---

కూకట్‌పల్లి_వ్యాను · మంగళవారం, రాత్రి 11:50

అమ్మా, లెక్క బాగుంది కానీ నా అనుభవానికి కుదరడం లేదు. 8:20కి అందరూ వచ్చేసిన రోజులు వారంలో ఒకటి రెండు ఉంటాయి. వాళ్ళలో ముగ్గురు ఒకే రైలు దిగి కలిసి నడిచి వస్తారు. మిగతా ఇద్దరు బస్సులో వేర్వేరుగా వస్తారు. వాన పడితే మాత్రం అందరూ ఆలస్యమే.

---

లెక్కల_మాస్టారు · బుధవారం, ఉదయం 6:55

వ్యాను గారూ, మీరు చెప్పిన ఈ ఒక్క విషయంతో లెక్కే మారిపోతుంది. `x^5`లోని ఆ 5 మనుషుల సంఖ్య కాదు, స్వతంత్రమైన రాకల సంఖ్య. ముగ్గురు ఒకే రైలు దిగితే వారిది ఒకే రాక. ఇక మిగిలినవి మూడు రాకలే. 8:20 లోపు అందరూ వచ్చే సంభావ్యత (2/3)^3 = 8/27, అంటే 0.30. వారానికి ఒకటి రెండు రోజులు అన్న మీ మాటకు ఇది దగ్గరగా ఉంది. ఐదుగురూ ఒకే రైల్లో వస్తే ఆ సంభావ్యత 2/3 వరకూ పెరుగుతుంది.

వాన సంగతి వేరు. అది అందరినీ ఒకేసారి కుడి కొసకు నెడుతుంది. అప్పుడు ఒక్కొక్కరి రాక కూడా ఏకరూపంగా ఉండదు.

---

మియాపూర్_అనలిస్ట్ · బుధవారం, ఉదయం 8:10

ఇక్కడ నాకు ఒక అభ్యంతరం ఉంది మాస్టారూ. 0.30 ఆయన అనుభవానికి దగ్గరగా ఉందని మూడు రాకల నమూనా సరైనదని చెప్పలేం. ఐదుగురూ నిజంగా స్వతంత్రంగానే వస్తూ, అరగంట మొదట్లోనే ఎక్కువగా వస్తున్నా ఇదే సంఖ్య రావచ్చు. ఒక్కొక్కరు 8:20 లోపు వచ్చే సంభావ్యత 2/3 కాక 0.79 దాకా ఉంటే చాలు, ఐదో ఘాతం దాదాపు 0.30 అవుతుంది. చివరివారి సమయాలు మాత్రమే చూస్తే ఈ రెంటినీ విడదీయడం కుదరదు.

---

లెక్కల_మాస్టారు · బుధవారం, ఉదయం 9:05

మీ అభ్యంతరం న్యాయమైనది. గరిష్ఠం ఒక్కదాన్నే చూస్తే ఆకారం మారిందో, స్వతంత్రత పోయిందో తెలియదు. కనిష్ఠాన్ని కూడా కలిపి చూస్తే కొంత తెలుస్తుంది. మూడు ఏకరూప రాకలైతే మొదటివారి సగటు 7.5 నిమిషాల దగ్గర, చివరివారిది 22.5 దగ్గర ఉండాలి. అంటే అరగంట మధ్యకు రెండు వైపులా సమానంగా దగ్గరవుతాయి. మీరు చెప్పినట్టు అందరూ ముందుగానే వస్తుంటే రెండూ ఎడమకే జరుగుతాయి. అయినా ఇది సూచన మాత్రమే. ఐదుగురి సమయాలూ విడివిడిగా రాసి పెట్టుకుంటే తప్ప గట్టిగా తేల్చలేం.

---

కూకట్‌పల్లి_వ్యాను · బుధవారం, రాత్రి 11:40

మొదట వచ్చేది ఎప్పుడూ ఆ బస్సు వాళ్ళలో ఒకరే. ఎనిమిది దాటిన అయిదారు నిమిషాలకు కనబడతారు. రేపటి నుంచి ఒక్కొక్కరి సమయం డైరీలో రాస్తాను.

---

తార్నాక_విద్యార్థిని · గురువారం, రాత్రి 8:15

వ్యాను గారి మాటలు చదివాక ఒక ప్రశ్న పుట్టింది. ఐదుగురూ స్వతంత్రమే, కానీ ఒకరి గడువు వేరు అనుకుందాం. నలుగురు 6:00–6:30, ఐదోవారు 6:00–6:20 మధ్య ఏకరూపంగా వస్తారు. 6:20 లోపు అందరూ వచ్చే సంభావ్యత తేలికే: ఐదోవారు ఎలాగూ వచ్చేస్తారు, మిగతా నలుగురికి (2/3)^4 = 16/81. చివరివారి సగటు రాక 24.13 నిమిషాలు వచ్చింది. నలుగురే ఉంటే సరిగ్గా 24. అంటే ఐదోవారు చేరినందువల్ల పెరిగింది కొద్ది సెకన్లే.

(ఇ)ని మాస్టారు చెప్పిన దారిలో చేశాను. ముందు వచ్చింది ఎవరో విడదీసి చూడాలి, ఎందుకంటే ఇప్పుడు ఐదుగురూ ఒకేలాంటివారు కారు. ఐదోవారే ముందు వస్తే: వారి వెనుక ఎప్పుడూ పూర్తి 10 నిమిషాలు ఉంటాయి, కాబట్టి 1/81. నలుగురిలో ఒకరు 6:10 లోపు ముందుగా వస్తే: 2/81. అదే వారు 6:10–6:20 మధ్య ముందుగా వస్తే ఐదోవారికి మిగిలే కాలం తగ్గుతుంది, అక్కడ 1/81. 6:20 తరువాత అయితే ఐదోవారు అప్పటికే వచ్చి ఉంటారు, సున్నా. మొత్తం 4/81, అంటే 12/243. పాత 11/243కన్నా కాస్త ఎక్కువ.

ఒకరి గడువు కుదిస్తే అందరూ దగ్గరగా వచ్చే అవకాశం పెరుగుతుందని అనుకున్నాను. అందుకని ఐదోవారిని 6:00–6:10కి కుదించి చూశాను. 1/27 వచ్చింది, అంటే 9/243. తగ్గిపోయింది!

---

కొండాపూర్_కోడర్ · గురువారం, రాత్రి 9:00

రెండూ నడిపి చూశాను. 0.049, 0.037 చుట్టూ వస్తున్నాయి. మీ లెక్క సరైనదే.

---

లెక్కల_మాస్టారు · శుక్రవారం, ఉదయం 6:30

బాగా చేశావమ్మా. కుదించడంలో రెండు పనులు జరుగుతున్నాయి. ఐదోవారు ఎక్కడ ఉంటారన్న అనిశ్చితి తగ్గుతోంది, దానితోపాటు వారు ఎడమ కొసకు జరుగుతున్నారు. కొస దగ్గర నిలబడ్డ మనిషికి ఒక వైపే చుట్టుపక్కల కాలం ఉంటుంది, మిగతావారు 10 నిమిషాల దూరంలో పడడానికి చోటు తగ్గుతుంది. 6:20 దగ్గర మొదటిది గెలిచింది, 6:10 దగ్గర రెండోది గెలిచింది. ఐదోవారిని 6:10–6:20 మధ్యకు, అంటే నడిమికి కుదించి చూడు. ఏమవుతుందో లెక్కకు ముందే చెప్పగలవా?

---

మియాపూర్_అనలిస్ట్ · శుక్రవారం, ఉదయం 7:45

నడిమికి కుదిస్తే తప్పకుండా పెరగాలి. నా ప్రశ్న వేరు: గడువు 6:00 దగ్గరే మొదలవ్వాలంటే, 11/243, 12/243, 9/243 మధ్య ఎక్కడో ఒక గరిష్ఠ స్థానం ఉండాలి. 6:20 నుంచి 6:10 వరకూ విలువ తగ్గుతూనే ఉందని చూశాను, కాబట్టి ఆ స్థానం 6:20, 6:30 మధ్యే ఉంటుంది. అక్కడ 6:20 తరువాతి ముక్కను విడిగా చెయ్యాలి, నాకు ఇంకా తేలలేదు.